మన్యంలో కొత్తగా చేరిన ఏఎన్ఎం చెల్లికి

చెల్లీ,

వానాకాలంలోనే పోస్టింగ్ వచ్చిందని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మందుల పేర్లు నాకంటే నీకే బాగా తెలుసు. నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, విను.

పదేళ్ల కిందట మా కొండమీద ఊళ్లో వారంలో పన్నెండు మంది జ్వరంతో పడ్డారు. ఇంటింటికీ తిరిగి "నీళ్లు కాచి తాగండి, జ్వరం రాదు" అన్నాను. అందరికంటే శ్రద్ధగా కాచిన ఇంట్లోనే ఎనిమిదేళ్ల పిల్లాడికి వణుకుతో జ్వరం వచ్చింది. వాళ్ల నాయనమ్మ నన్ను వాకిట్లోనే నిలదీసింది. "కట్టెలన్నీ తగలబెట్టించావు, జ్వరం ఆగిందా సిస్టరమ్మా?"

తప్పు నాదే. కాచిన నీళ్లు టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు రాకుండా కాపాడతాయి. మలేరియా దోమ వల్ల వస్తుంది, దానికి తాగే నీళ్లతో పనిలేదు. ఆ రెండూ కలిపి చెప్పాను.

ఆ వాకిట్లోనే మలేరియా పరీక్ష కిట్ తీశాను. పిల్లాడి వేలి కొస నుంచి ఒక చుక్క రక్తం, తర్వాత మందు చుక్కలు. పావుగంట ఆగాలి. ఆ పావుగంటే జనానికి చెప్పడానికి నీకు దొరికే సమయం. చుట్టూ మూగిన వాళ్లకు ముందే చెప్పాను: "ఒక గీత వస్తే కిట్ బాగుందని. రెండో గీత కూడా వస్తే మలేరియా. మొదటి గీతే రాకపోతే కిట్ పాడైంది, మళ్లీ చేస్తా." రెండో గీత తేలగానే ముందుగా చూసింది నాయనమ్మే. ఆ సాయంత్రానికి మిగతా ఇళ్లవాళ్లే పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. జ్వరం వచ్చిన రోజే రమ్మను. రెండో గీత రాకపోయినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చెయ్యి, పీహెచ్‌సీకి పంపు.

నీళ్ల సంగతి కూడా మార్చి చెప్పాను. ఇరవై నిమిషాలు కాచమంటే ఎవరూ కాచరు, ఆ కట్టెలు మోసేది ఆడవాళ్లే. గలగలా తెర్లాక ఒక్క నిమిషం చాలు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. కాచిన నీళ్లు పాత కుండలో పోసి, చెంబుతో చెయ్యి ముంచి తీస్తారు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, పొడుగు కాడ గరిటెతో తీయమను.

పిల్లాడికి వైవాక్స్ మలేరియా. మూడు రోజుల్లో జ్వరం దిగింది, డాక్టరు గారు రాసిన పద్నాలుగు రోజుల మాత్రలు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. తగ్గింది కదా అని మానేస్తారు, కొన్ని నెలలకు మళ్లీ తిరగబెడుతుంది. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి కబురు చేయమన్నాను. నాయనమ్మకు చదువు రాదు. గోడమీద బొగ్గుతో పద్నాలుగు గీతలు గీసి, రోజుకొకటి తుడిచేసేది.