వారం రోజుల మౌనం: ఆగాలా, విడిపోవాలా?

"పెళ్లయి నాలుగేండ్లు, హన్మకొండల ఉంటం. జీతం పడ్డప్పుడల్లా మా అత్తగారింటికి పంపే పైసల మీద లొల్లి. తర్వాత ఆయన వారం దాకా మాట్లాడడు. ఇంకా ఆగాలా, విడిపోవాలా?"

చెల్లె, పైసల లొల్లి లేని ఇల్లు తక్కువ. నీ ప్రశ్నలో చూడాల్సింది ఆ వారం మౌనం. కోపంలో గుండె దడదడలాడుతుంటే ఎదుటి మాట చెవికెక్కదు. చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు కావాలి, కాబట్టి లేచిపోవడం తప్పు కాదు. ఎప్పుడు తిరిగి మాట్లాడతాడో చెప్పకపోవడమే తప్పు.

లొల్లి లేని రోజు చూసి ఒక్కటే అడుగు: "కోపమొస్తే పక్కకు పో, కానీ రాత్రి 9కి మాట్లాడుకుందామని చెప్పి పో." నువ్వు కూడా ఆ సమయం దాకా వెంటపడి అడగొద్దు. రెండు జీతాలు గడవనియ్యి. ఒకసారి తప్పి, మరునాడు తనంతట తానే వచ్చి కూర్చుంటే, పంపే మొత్తం ఇంతని తేల్చుకునే దారి ఉన్నట్టే. అడిగినందుకే వెక్కిరించి, మీ పుట్టింటోళ్లను తీసి మాట్లాడితే మాత్రం అది కోపం కాదు, చులకన. నా లెక్కలో లొల్లి కంటే అదే చెడ్డ గుర్తు. రెండోసారీ అట్లే ఐతే ఇంకా ఆగమని నేను చెప్పను.

కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ పరీక్షే వద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

విడిపోవడమే ఐతే, హిందూ వివాహ చట్టం 13-బి కింద ఇద్దరూ ఒప్పుకుని కేసు వేయాలంటే అంతకు ముందు ఏడాది విడిగా ఉండాలి. వేసినంక ఆరు నెలల గడువుంటది. తగిన కారణముంటే కోర్టు దాన్ని తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.