అయస్కాంతం ట్రే, నోట్సులో రాసే వాక్యం

"నాలుగో తరగతి పిల్లలు వస్తువుల్ని ట్రేలో సరిగ్గానే వేస్తున్నారు, నోట్సులో మాత్రం 'లోహాలన్నీ అంటుకుంటాయి' అని రాస్తున్నారు. ఎలా సరిచేయాలి?"

ముందు ట్రే మీద అంటించిన చీటీలు చూడండి. నేనూ మొదట్లో "ఆకర్షిస్తుంది", "ఆకర్షించదు" అనే రాశాను. పిల్లలు దాన్ని చూసి నోట్సులో "మేకు ఆకర్షిస్తుంది" అని దించేశారు, అంటే మేకే అయస్కాంతం అయిపోయింది! "అయస్కాంతం లాగేవి", "అయస్కాంతం లాగనివి" అని చీటీలు మార్చాక ఆ గొడవ లేదు.

ఇక లోహాల సంగతి. రూపాయి స్టీలు బిళ్ళ ఒకటి, పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ ఒకటి తీసుకోండి. ముందు రూపాయి మాత్రమే ఇవ్వండి. టక్కున అంటుకుంటుంది, మా పిల్లలైతే వెంటనే "నాణేలను అయస్కాంతం లాగుతుంది" అని రాసేశారు. అప్పుడు ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చాను. ముట్టించారు, తిప్పి ముట్టించారు, అయస్కాంతాన్నే మార్చి చూశారు, లాభం లేదు. అందులో 75 శాతం రాగి, 20 శాతం జింకు, 5 శాతం నికెల్. విడిగా నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది, కానీ ఇంత రాగిలో కలిసిపోయాక లాగదు. ఈ కారణం నాలుగో తరగతికి చెప్పక్కర్లేదు, "నాణేలను" కొట్టేసి "ఈ రూపాయి బిళ్ళను" అని వాళ్ళ చేతే రాయించండి, చాలు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. "లాగలేదు" అంటే ఆ పూట లాగలేదనీ అవుతుంది, లాగడం దానివల్ల కాదనీ అవుతుంది. అందుకే నేను "ముట్టించి చూశాం, లాగినట్టు తెలియలేదు" అని రాయిస్తాను. వాక్యం పొడవైనా ఫరవాలేదు, చేసిన పనీ చూసిందీ రెండూ అందులో ఉంటాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో స్టీలు గ్లాసు దగ్గర తెలిసింది. అడుగున ముట్టిస్తే ఏమీ లేదు, అందరూ "లాగనివి" గడిలో పెట్టేశారు. ఒక పాప మాత్రం అంచు దగ్గర చెయ్యి కాస్త లాగినట్టుంది టీచర్ అంది. అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి, ఊగడం ఆగాక అంచును మెల్లగా దగ్గరికి తెచ్చాం. దారం గ్లాసు వైపు వాలింది. కొన్ని రకాల స్టీలు రేకును వేడిచేయకుండా సాగదీసి వంచితే, బాగా వంగిన చోట లోపలి అమరిక మారి కొద్దిగా అయస్కాంతానికి లొంగుతుంది. అన్ని గ్లాసులూ ఇలా చేయవు, కాబట్టి ముందురోజే మీ దగ్గరున్నవి దారంతో చూసి పెట్టుకోండి. ఇలాంటి వాటి కోసం ట్రేలో మూడో గడి పెట్టి "మళ్ళీ చూడాలి" అని రాయండి.

ఆ పాప నోట్సులో రాసింది ఇది: "ఈ గ్లాసు అడుగున ముట్టించాం, లాగినట్టు తెలియలేదు. అంచు దగ్గర దారం వాలింది."