కాలర్ వేశాక ఒక కాలు తీసేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: నా పొదుపులో చాలా భాగం ఒకే కంపెనీ షేర్లలో ఉంది. ఇప్పుడే అమ్మాలని లేదు, అలాగని పెద్దగా పడితే తట్టుకోలేను. పుట్ కొని, కాల్ అమ్మి కాలర్ వేసుకోమంటున్నారు. నష్టం నిజంగా ఆగుతుందా? ఎవరైనా స్వయంగా వేసినవాళ్లు చెప్పండి.

జవాబు: ఆగుతుంది. కాకపోతే కాలర్ అనే ఆ కంచె పూర్తిగా నిలబడేది గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజున, అదీ పుట్, కాల్ అనే రెండు కాళ్లూ చివరిదాకా ఉంచితేనే. ఈ సంగతి నాకు డబ్బు పోయాకే అర్థమైంది. అందుకే నా లెక్కతోనే చెబుతాను. పుట్ కొంటే షేరును ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కు మనకు వస్తుంది, కాల్ అమ్మితే మన షేరును అనుకున్న ధరకు కొనే హక్కు అవతలివాడికి పోతుంది. ఆ అనుకున్న ధరే స్ట్రైక్, హక్కుకు కట్టే డబ్బే ప్రీమియం.

నా దగ్గర 500 షేర్లు ఉండేవి. కాలర్ వేసిన రోజు ధర 400. మూడు నెలల గడువుతో 370 స్ట్రైక్ పుట్ కొన్నాను, షేరుకు 12 ప్రీమియం పడింది. అదే గడువుకు 430 స్ట్రైక్ కాల్ అమ్మితే 10 వచ్చింది. అంటే నికర ఖర్చు షేరుకు 2. షేరు 300కి పడిపోయిందనుకోండి, షేరు మీద 100 పోతుంది, పుట్ 70 తిరిగి ఇస్తుంది, ఖర్చు 2 కలిపితే నష్టం 32. షేరు 200కి పడినా అదే 32. 480కి పెరిగితే షేరు మీద 80 వస్తుంది, అందులో 50 కాల్ కొన్నవాడికి పోతుంది, ఖర్చు తీసేస్తే నాకు మిగిలేది 28. మొత్తం మీద 16,000 నష్టానికీ 14,000 లాభానికీ మధ్య ఎక్కడో ఆగుతాను. పైన కింద 30 చొప్పున సమాన దూరంలోనే పెట్టినా పుట్ ఖరీదు ఎక్కువ ఉండటం గమనించారా? పతనానికి భయపడి పుట్ కొనేవాళ్లు ఎక్కువగా ఉండటం వల్ల షేర్లలో ఇది మామూలే.

నెల తిరిగేసరికి షేరు 440కి వెళ్లింది. నేను 10కి అమ్మిన కాల్ 24 అయింది. స్క్రీన్ మీద ఆ వరుస ఒక్కటే ఎర్రగా 7,000 నష్టం చూపిస్తుంటే నాకు నిద్ర పట్టలేదు. షేర్ల మీద 20,000 పెరిగిన సంగతి వేరే పేజీలో ఉంది, దాన్ని పక్కన పెట్టి చూడలేదు. పైగా ఆ 24లో షేరు 430 దాటినందుకు వచ్చింది 10 మాత్రమే, మిగతా 14 కేవలం మిగిలిన రెండు నెలల గడువు విలువ. షేరు అక్కడే ఆగిపోయి ఉంటే అది తనంతట తానే కరిగిపోయేది. టెన్షన్‌లో కాల్‌ను 24కి తిరిగి కొనేశాను, పై హద్దు తీసేస్తే పెరుగుదలంతా నాదే కదా అనుకున్నాను.

ఎక్స్‌పైరీ నాటికి షేరు 395. నా పుట్ 370ది కాబట్టి దానికి విలువ లేదు. షేరు మీద 5, పుట్ మీద 12, కాల్ మీద 14, మొత్తం షేరుకు 31 చొప్పున 15,500 పోయింది. ఏమీ ముట్టుకోకుండా ఉంటే 7 చొప్పున 3,500తో పోయేది. షేరు పడింది ఐదే, నేను దాదాపు కంచె అడుగుదాకా నష్టపోయాను. అదే షేరు 370 కిందికి వెళ్లి ఉంటే షేరుకు 56 పోయేది, ఎందుకంటే కాల్‌కు కట్టిన 24 ఆ కంచెకు బయట అయిన ఖర్చు. మొదట లెక్కవేసుకున్న 32 హద్దును నా చేత్తో నేనే చెరిపేశాను.

దీనికి అద్దంలో బొమ్మ లాంటి తప్పు ఇంకొకటి ఉంది. షేరు పడినప్పుడు పుట్ లాభం చూపిస్తుంది, అది అమ్మేసి డబ్బు చేసుకోవాలనిపిస్తుంది. అప్పుడు కింద రక్షణ పోయి, పైన హద్దు మాత్రం మిగులుతుంది. ఇప్పుడు నేను షేరు, పుట్, కాల్ మూడింటినీ ఒకే వరుసలో కూడి రాసుకుంటాను. మారిస్తే రెండు కాళ్లూ కలిపే మారుస్తాను.

వేసేముందు మీ ఆప్షన్ కాంట్రాక్టు నిబంధనలు ఒకసారి చదవండి. గడువుకు ముందే వాడుకోగల రకమైతే, ఆ డివిడెండ్‌కు హక్కు తెగిపోయే ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందు రోజుల్లో జాగ్రత్త. షేరు స్ట్రైక్ దాటి ఉండి, కాల్‌లో మిగిలిన గడువు విలువ డివిడెండ్ కంటే తక్కువైతే, కొన్నవాడు ముందే మీ షేర్లు 430కి తీసుకోవచ్చు. డివిడెండ్ అతనికే పోతుంది. నగదుతో తేల్చే రకమైతే షేర్లు మీ దగ్గరే ఉంటాయి, కానీ 480 దగ్గర 25,000 చేతి నుంచి కట్టాలి. ఆ డబ్బు సిద్ధంగా లేకపోతే అప్పుడు హడావిడిగా షేర్లు అమ్మాల్సి వస్తుంది. ఒక్కో కాంట్రాక్టు లాట్ 100 షేర్లు అయితే, మీ దగ్గర 540 ఉన్నప్పుడు వాటిలో 40 కంచె బయటే ఉంటాయని కూడా మరవకండి.

ఇక స్ట్రైక్ విషయం. కాల్ అమ్మేముందు నన్ను నేను అడిగేది ఒక్కటే: ఈ ధరకు షేర్లు పోతే బాధపడతానా? 430కి నిజానికి నేను సిద్ధంగా లేను, ఖర్చు తగ్గుతుందని పెట్టుకున్నాను, అందుకే 440 చూడగానే చేయి ఆగలేదు. కాలర్ వేసిన రోజే 450 కాల్ అమ్మి ఉంటే 6 వచ్చేది. నికర ఖర్చు 6 అయ్యేది, గరిష్ఠ నష్టం 36, గరిష్ఠ లాభం 44. షేరుకు నాలుగు ఎక్కువ పెట్టి ఉంటే 440 దగ్గర నేను కాల్ జోలికి వెళ్లేవాణ్ణి కాదు.