మేనత్త ఇంట్లో వారం రోజులుంటే ఏం తీసుకెళ్లాలి?

"నల్లగొండలో మేనత్త వాళ్లింట్లో వారం ఉంటాం, మేం నలుగురం. ఏం పట్టుకెళ్లాలి?"

మొదటి రోజుకు కిలో సకినాలో గరిజలో చాలు, డబ్బాలో పెడితే మీరున్నన్నాళ్లూ నిలవుంటాయి. నేనోసారి రెండు కిలోల కలాకండ్ మోసుకెళ్లాను. సగం ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది, మూడో రోజుకు పులిసిన వాసన. పాల స్వీట్లయితే పావుకిలో దాటొద్దు. పండ్లు దానిమ్మో ఆపిలో తీసుకోండి. బత్తాయిలు మాత్రం వద్దు, నల్లగొండ చుట్టూ ఉన్నవే ఆ తోటలు!

అసలు బరువు రోజూ వంట మీద పడుతుంది. నలుగురు పెరిగితే పాలే రోజుకు లీటరు ఎక్కువ కావాలి. డబ్బులిస్తే అత్త తీసుకోదు, "మేమేమన్నా హోటల్ నడుపుతున్నమా?" అని కోప్పడుతుంది. అందుకే రెండో రోజు పొద్దున్నే సంచి పట్టుకుని మీరే మార్కెట్‌కు పోండి. కూరగాయలు, పాల ప్యాకెట్లు తెచ్చి వంటింట్లో పెట్టేయండి. ఆదివారం మటన్ మీ వంతు. శనివారం రాత్రే చెప్పండి, లేకపోతే మామయ్య తెల్లారేసరికి తెచ్చేస్తాడు.

అత్తకు చీర కొనాలనుకుంటే తిరిగొచ్చేరోజు బొట్టు పెట్టి ఇవ్వండి. ముందే ఇస్తే ఆవిడ మీకు పెట్టాల్సిన బట్టల గురించి వారమంతా టెన్షన్ పడుతుంది.