మూడు నాలుగు వాక్యాల రచయిత పరిచయం: ఏ వాక్యం ఏ పని చేయాలి

ప్రశ్న: నాలుగేళ్లుగా బ్యాకెండ్ పని చేస్తున్నాను. డేటాబేస్‌ల గురించి బ్లాగు మొదలుపెట్టాను. వ్యాసం కింద మూడు నాలుగు వాక్యాల్లో నా పరిచయం పెట్టాలి. పేరున్న కంపెనీల్లో పనిచేయలేదు. గొప్పలు చెప్పుకున్నట్లు కాకుండా, చదివేవారికి నమ్మకం కలిగేలా ఎలా రాయాలి?

జవాబు:

నేనూ డేటాబేస్‌ల గురించే రాస్తాను. నా పరిచయాన్ని ఇప్పటికి మూడుసార్లు తిరగరాశాను కాబట్టి, ఆ మూడు రూపాలనూ మీ ముందుంచి, ఒక్కొక్కటి ఎక్కడ పనిచేసిందో ఎక్కడ తప్పిందో చెబుతాను. మొదటిది ఇలా ఉండేది:

"నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ను. కొత్త సాంకేతికతలు నేర్చుకోవడమంటే ఎంతో ఇష్టం. జావా, పైథాన్, గో, పోస్ట్‌గ్రెస్, రెడిస్, కాఫ్కా, డాకర్‌లలో ఆరేళ్ల అనుభవం ఉంది. క్లిష్టమైన సమస్యలకు సులువైన పరిష్కారాలు కనుగొనడం నా అభిరుచి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా, నడుస్తున్న టేబుల్‌కు ఇండెక్స్ ఎలా చేర్చాలో వివరిస్తూ నేను రాసిన వ్యాసం కింద ఒక పాఠకుడు ఇలా అడిగారు: "ఇది మీరు వినియోగదారులున్న డేటాబేస్ మీద చేశారా, మీ ల్యాప్‌టాప్‌లో ప్రయత్నించి రాశారా?" ఆ ప్రశ్న న్యాయమైనది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు `CREATE INDEX` నడుస్తున్నంత సేపూ ఆ టేబుల్‌ను చదవవచ్చు గానీ, అందులో కొత్తగా ఏదీ రాయలేము. అందుకే నేను వ్యాసంలో ఈ రూపాన్ని సూచించాను:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_inv_due ON invoices (due_date);
```

ఇది రాతలను ఆపదు. అయితే అప్పటికే తెరిచి ఉన్న పాత ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా వేచి ఉంటుంది, మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిల్చి పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఒంటరిగా నడిపినవారికి ఈ రెండూ సాధారణంగా ఎదురుకావు, ఎందుకంటే అక్కడ గంటల తరబడి తెరిచి ఉంచిన రిపోర్టు క్వెరీ ఏదీ ఉండదు. ఆ పాఠకుడు అదే రాత్రి తన సంస్థ డేటాబేస్ మీద ఆ ఆదేశాన్ని నడపబోతున్నారు. పొరపాటు జరిగితే మూల్యం చెల్లించేది ఆయనే. నాకు ఎన్ని భాషలు వచ్చో, ఏమంటే ఇష్టమో ఆయనకు అక్కర లేదు. తప్పు చేస్తే నష్టం వచ్చే చోట ఈ పని ఈ మనిషి చేశాడా లేదా అన్నది మాత్రమే ఆయనకు కావాలి. నా నాలుగు వాక్యాల్లో ఒక్కటీ ఆ సంగతి చెప్పలేదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ గురించి రాసేవారి పరిచయం మొత్తంగా మనిషిని పరిచయం చేయాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. బ్లాగులో దేని గురించి రాస్తున్నామో దానికి సంబంధించిన అనుభవాన్ని మాత్రమే చూపితే చాలు. సాంకేతికతల జాబితా ఇక్కడ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఏడు పేర్లు వరుసగా కనిపిస్తే, వాటిలో దేన్ని లోతుగా ఎరుగుదుమో, దేన్ని ఒక వారం పాటు తాకి వదిలేశామో పాఠకుడికి తెలిసే దారి ఉండదు.

రెండోసారి రాసేటప్పుడు ఆ లోపం సరిదిద్దబోయి మరో తప్పు చేశాను. "ఒక బిల్లింగ్ వ్యవస్థను రూపొందించి, 40 కోట్ల వరుసలున్న డేటాబేస్‌ను నిర్వహిస్తున్నాను" అని రాశాను. చదవడానికి గట్టిగా ఉంది. నాతో కలిసి పనిచేసే ఒకరు దాన్ని చూసి, ఆ వ్యవస్థ రూపకల్పన నేను చేరకముందే పూర్తయిందని మర్యాదగానే గుర్తుచేశారు. వరుసల సంఖ్య బయటపెట్టడానికి ఎవరినైనా అడిగారా అని కూడా అన్నారు. నేను అడగలేదు. మా మేనేజరు దగ్గరకు వెళ్లి అడిగితే, స్థాయి తెలిసేలా "కోట్ల వరుసలు" అని రాయవచ్చనీ, కచ్చితమైన సంఖ్య నుంచి వినియోగదారులు ఎంతమందో ఊహించవచ్చు కాబట్టి అది వద్దనీ చెప్పారు. పాఠకుడికి కూడా అంతకన్నా అవసరం లేదు. వేల వరుసలా, కోట్ల వరుసలా అన్నది తెలిస్తే నా సలహా తన పరిస్థితికి సరిపోతుందో లేదో ఆయన తేల్చుకోగలరు.

మూడో రూపం ఇప్పుడు వాడుతున్నది:

"2016 నుంచి బ్యాకెండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను, ప్రస్తుతం ఒక బిల్లింగ్ వ్యవస్థకు చెందిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లను చూసుకునే నలుగురిలో నేను ఒకణ్ణి. కోట్ల వరుసలున్న టేబుళ్లలో సేవ ఆగకుండా ఇండెక్సులు, కాలమ్‌లు మార్చే పని 2021 నుంచి నా బాధ్యత. మార్పుకు ముందు నేను నడిపే తనిఖీ స్క్రిప్టులను ఇక్కడ అందరికీ అందుబాటులో ఉంచాను. ఒకే ప్రధాన సర్వరు మీద నడిచే డేటాబేస్‌ల గురించే రాస్తాను, డేటాను అనేక సర్వర్లకు పంచే షార్డింగ్ నేను స్వయంగా చేయలేదు."

మొదటి వాక్యంలో పని, దాని పరిధి ఉన్నాయి. "ఆరేళ్ల అనుభవం" అని రాస్తే ఏడాది తిరిగేసరికి అది తప్పవుతుంది, "2016 నుంచి" అంటే అలా కాదు. "నలుగురిలో ఒకణ్ణి" అన్న మాట నన్ను తగ్గిస్తుందేమోనని మొదట సందేహించాను. నిజానికి ఆ మాట వల్లనే తరువాతి వాక్యం నమ్మదగినదవుతుంది. బృందం చేసిందేమిటో, నేను చేసిందేమిటో విడదీసి చెప్పగలిగినవాడు మిగతా విషయాల్లోనూ లెక్క తప్పడని ఈ వృత్తిలో ఉన్నవారు గ్రహిస్తారు. రూపొందించాను, నిర్మించాను, నిర్వహించాను, పాల్గొన్నాను అనే క్రియలు ఒకదానికొకటి బదులు కావు. రూపొందించడమంటే ప్రత్యామ్నాయాలు చూసి నిర్ణయం తీసుకోవడం, నిర్మించడమంటే కోడ్ రాయడం, నిర్వహించడమంటే అర్ధరాత్రి అలారం మోగినప్పుడు లేచి చూడడం. మీరు చేసింది వీటిలో ఏదో ఆ క్రియనే వాడండి. చాలామంది చిన్నచూపు చూసే "నిర్వహణ" అన్న మాట డేటాబేస్ వ్యాసాలకు అన్నిటికన్నా ఎక్కువ బలమిస్తుంది.

మూడో వాక్యం పాఠకుడు స్వయంగా తెరిచి చూసుకోగలిగే ఆధారం కోసం. ఇక్కడ ప్రొఫైల్ పేజీకి లింకు ఇవ్వడం కన్నా ఒకే ఒక్క వస్తువుకు నేరుగా ఇవ్వడం మంచిది. అది ఆమోదం పొందిన ఒక ప్యాచ్ కావచ్చు, మీరు ఇచ్చిన ప్రసంగం రికార్డింగ్ కావచ్చు, మీరు వాడే స్క్రిప్టు కావచ్చు. ప్రొఫైల్ పేజీకి వెళ్లిన పాఠకుడికి సగంలో వదిలేసిన ప్రాజెక్టులు పది కనిపిస్తే అసలు చూడాల్సింది వాటి మధ్య పోతుంది. లింకు పెట్టాక బ్రౌజరు ప్రైవేట్ విండోలో ఒకసారి తెరిచి చూడండి. నా స్క్రిప్టులున్న రిపాజిటరీ చాలా రోజులు నాకు మాత్రమే కనిపించే స్థితిలో ఉండిపోయింది. నేను లాగిన్ అయి ఉండేవాణ్ణి కాబట్టి ఆ సంగతి గమనించనే లేదు.

అందరికీ చూపగలిగే కోడ్ మీ దగ్గర లేకపోతే కంగారు పడనక్కరలేదు. ఉద్యోగంలో రాసిన కోడ్ సంస్థదే అయినప్పుడు చాలామంది పరిస్థితి అదే. అప్పుడు మీ వ్యాసాల్లో ఒకదాన్నే ఆధారంగా చూపవచ్చు, కానీ అందులో కొలతలు ఉండాలి. ఒక నెమ్మది క్వెరీకి మార్పుకు ముందూ తరువాతా `EXPLAIN (ANALYZE, BUFFERS)` ఇచ్చిన ఫలితాన్ని పూర్తిగా పెట్టి, ఏ పంక్తి చూసి కారణం కనిపెట్టారో వివరించిన వ్యాసం ఉంటే దానికి లింకు ఇవ్వండి. ఉద్యోగంలోని డేటాతో కాక, మీరు స్వయంగా తయారుచేసుకున్న నమూనా టేబుల్‌తో దాన్ని రాస్తే పాఠకుడు కూడా అదే ప్రయోగం చేసి చూసుకోగలడు.

నాలుగో వాక్యంలో హద్దు చెప్పడం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. నాకు తెలియనిది ఫలానా అని ముందే చెప్పినప్పుడు, తెలుసని చెప్పినదాని విలువ పెరుగుతుంది. ఆ వాక్యం చేర్చకముందు షార్డింగ్ గురించి సలహా అడుగుతూ ఉత్తరాలు వచ్చేవి, నేను చదివినదాన్ని బట్టి జవాబిచ్చేవాణ్ణి. అది సరైన పని కాదు. అయితే హద్దు చెప్పేది మీ విషయానికి పక్కనే ఉన్నదాని గురించి అయి ఉండాలి. డేటాబేస్ బ్లాగులో "మొబైల్ యాప్‌లు నాకు తెలియవు" అని రాస్తే ఆ వాక్యం వృథా. "నేను ఇంకా నేర్చుకుంటున్నాను, తప్పులుంటే మన్నించండి" అన్నది కూడా హద్దు చెప్పడం కాదు, ఎందుకంటే ఏ వ్యాసాన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకుడికి అది చెప్పదు.

ఇక మీ సంగతి. పేరున్న కంపెనీలో పనిచేయకపోవడం ఇక్కడ లోటు కాదు, ఎందుకంటే సంస్థ పేరు చెప్పినా అందులో మీరు ఏ మూల ఏ పని చేశారో పాఠకుడికి తెలియదు. సంస్థ పేరుకు బదులు వ్యవస్థ ఎలాంటిదో చెప్పండి: బుకింగులు తీసుకునేదా, సరుకుల లెక్క చూసేదా, సందేశాలు పంపేదా. "సీనియర్" వంటి హోదాలు ఒక్కో చోట ఒక్కో అర్థంలో వాడతారు కాబట్టి వాటినీ వదిలేయవచ్చు. రెండో వాక్యం కోసం మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: గత ఏడాదిలో డేటాబేస్‌కు సంబంధించిన ఏ పని వచ్చినప్పుడు మీ బృందం ముందుగా మిమ్మల్ని పిలిచింది? నెమ్మది క్వెరీలు చూడడానికా, బ్యాకప్ నుంచి తిరిగి నింపడానికా, కొత్త వెర్షన్‌కు మార్చడానికా? ఆ జవాబే మీ రెండో వాక్యం. నాలుగేళ్ల పనిలో అలాంటిది ఒక్కటైనా ఉంటుంది, ఒక్కటే చాలు కూడా.

పరిచయం సొంత బ్లాగులో ఉంటుంది కాబట్టి "నేను" అనే రాయండి. మీ పేజీలో మీరే "ఆయన", "ఆమె" అని రాసుకుంటే వేరెవరో మెచ్చుకున్నట్లు కనిపిస్తుంది. రాశాక మీతో అదే పని చేసిన ఒకరికి చూపి, ఏ పదం దగ్గర ఆగారో చెప్పమనండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. ఏ పదం దగ్గర ఆగారని అడిగితే, పెద్దది చేసి చెప్పిన మాట బయటపడుతుంది.

ఒక్కోసారి పరిచయం పరిధి దాటిన విషయం మీద కూడా వ్యాసం రాయాలనిపిస్తుంది. నేను కాఫ్కా గురించి రాసినప్పుడు పరిచయాన్ని మార్చలేదు. వ్యాసం మొదట్లోనే "ఈ ప్రయోగం మూడు పరీక్షా సర్వర్ల మీద చేసింది, వినియోగదారులున్న చోట నేను దీన్ని నడపలేదు" అని ఒక వాక్యం పెట్టాను. నా బ్లాగులో అలాంటి వాక్యం ఉన్న వ్యాసాలు ప్రస్తుతం రెండు ఉన్నాయి.