తాతయ్య దవడను గురించి రఘుకు

చిరంజీవి రఘుకు మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మమ్మ ఎనభయ్యవ పుట్టినరోజుకు తాతయ్యను ఆమె పక్కన నిలబెట్టి కుటుంబ చిత్రం తయారుచేస్తున్నావని అక్కయ్య నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఈ పని పట్టుకున్నవాడివి నువ్వొక్కడివేనని సంతోషించాను. తాతయ్యకు బదులుగా మీ చిన్నాన్నగారిని నిలబెట్టి, ఆయన ముఖం స్థానంలో 1972 నాటి ఫొటోలోని ముఖాన్ని అతికించబోతున్నావని విన్నాక మాత్రం రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మీ చిన్నాన్నగారికి అరవై ఏళ్ళు, గుండ్రటి ముఖం, బరువైన దవడ. మా నాన్నగారికి, అంటే మీ తాతయ్యకు, పోయేనాటికి ముప్పై ఆరేళ్ళు, కోల ముఖం, సన్నని దవడ. ఈ రెంటినీ కలపడం అసాధ్యమని అనను. అయితే నువ్వు పంపిన నమూనాలో కలపకూడని విధంగా కలిపావు.

స్కానింగు, రంగు, వెలుగు దిశ నీకు నేను చెప్పవలసినవి కావు. పాత ఫొటోలో వెలుగు ఎడమవైపు నుంచి పడింది కాబట్టి కొత్తదీ అలాగే తీయించు, చివరకు మొత్తం చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చు. నా భయమంతా దవడ గురించే.

విజయవాడలో నేను పనిచేసిన స్టూడియోకు కంప్యూటరు వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అంతకు ముందు ఇలాంటి పనులన్నీ డార్క్ రూములోనే చేసేవాళ్ళం. ఎన్‌లార్జరు కింద ముఖాన్ని కావలసినంత పెద్దది చేసి ప్రింటు తీసి, బ్లేడుతో కత్తిరించి, అంచును వెనకవైపు గరుకు కాగితంతో పలచగా అరగదీసి, అతికించి, బ్రష్షుతో సరిచేసి, మళ్ళీ ఫొటో తీసేవాళ్ళం. అది ఎంత మోటు పద్ధతి అయినా ఒక రక్షణ ఉండేది. ఎన్‌లార్జరు ముఖాన్ని పెంచితే నిలువునా అడ్డంగా ఒకే మేరకు పెంచుతుంది కాబట్టి, ముఖాన్ని పక్కలకు లాగాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. కంప్యూటరు రాగానే మూలను పట్టుకుని ఎటు కావాలంటే అటు లాగే వీలు దొరికింది.

ఆ రోజుల్లో ఉయ్యూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయి చాలా కాలమైంది, ఆయన యువకుడిగా ఉన్నప్పటి చిన్న కార్డు ఫొటో ఒక్కటే మిగిలింది. కుటుంబమంతా కూర్చున్న చిత్రంలో ఆయన కూడా కావాలని అడిగింది. మా సీనియర్ ఆర్టిస్టు చెయ్యి తిరిగినవాడే. పోయినాయన అన్నగారినే ఇంకో కుర్చీలో కూర్చోబెట్టి రెండో ఫొటో తీసి, ఆ శరీరం మీద తమ్ముడి ముఖం పెట్టాడు. అన్నగారి ముఖం వెడల్పు, తమ్ముడిది సన్నం. కనుబొమలు, కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం వరకే కత్తిరించి అతికిస్తే చుట్టూ బుగ్గల దగ్గర ఖాళీ మిగిలిందని ముఖాన్ని అడ్డంగా లాగాడు. కింద గడ్డం ఎక్కువైందని పైకి నొక్కాడు. అతుకు ఎక్కడా కనిపించలేదు, చర్మం రంగు చక్కగా కలిసింది, మేమందరం శభాష్ అన్నాం. ఆవిడ చిత్రాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మా బావగారు ఇద్దరున్నారేమిటి బాబూ?" అంది.

ఆ మాటలో తప్పేమీ లేదు. మనిషిని కళ్ళూ ముక్కూ చూసి మాత్రమే గుర్తుపట్టం. కళ్ళ మధ్య దూరం, కళ్ళ నుంచి గడ్డం దాకా ఉన్న పొడవు, దవడ మూలల మధ్య వెడల్పు, వీటికి ఒకదానితో ఒకటి ఉన్న నిష్పత్తిని కూడా మన కన్ను తెలియకుండానే పట్టుకుంటుంది. ఆర్టిస్టు తమ్ముడి కనుముక్కులను తీసుకుని అన్నగారి కొలతల్లోకి పోత పోశాడు, కాబట్టి అన్నగారే వచ్చారు. ఇప్పుడు నువ్వు వాడుతున్న ఆటోమేటిక్ సాఫ్ట్‌వేరు చేసేదీ చాలావరకు ఇదే. అది కళ్ళు, ముక్కు కొస, నోటి మూలలు చూసి లోపలి ముఖాన్ని సరిపెడుతుంది. బయటి గీత, అంటే నుదురు, బుగ్గల అంచు, దవడ, కింది మనిషివే మిగులుతాయి. ముఖాకృతులు ఇంచుమించు ఒకటే అయినప్పుడు అది పనికివస్తుంది, మనకు పనికిరాదు.

నీ నమూనాను తెరిచి కొలిచాను. మీ చిన్నాన్నగారి ఫొటోలో రెండు కంటిపాపల మధ్య 120 పిక్సెళ్ళు, కళ్ళ గీత నుంచి గడ్డం కొస దాకా 198. అంటే నిష్పత్తి 1.65. నాన్నగారి స్కానులో అవే కొలతలు 180, 333. నిష్పత్తి 1.85. పెద్దవాళ్ళలో కళ్ళ మధ్య దూరం మనిషికీ మనిషికీ దవడ మారినంతగా మారదు కాబట్టి ముందు కళ్ళనే సమానం చేయాలి. 180ని 120కి తేవాలంటే ముఖాన్ని 66.7 శాతానికి తగ్గించాలి. నిలువునా అంతే, అడ్డంగా అంతే. అప్పుడు నాన్నగారి గడ్డం కళ్ళ గీతకు 222 పిక్సెళ్ళ కింద పడుతుంది, మీ చిన్నాన్నగారి గడ్డం కంటే 24 కిందికి. నోటి దగ్గర దవడ వెడల్పు చూస్తే మీ చిన్నాన్నగారిది 225, తగ్గించిన తరువాత నాన్నగారిది 193. పక్కకు 16 చొప్పున చిన్నాన్నగారి బుగ్గ బయటికి మిగులుతుంది. నువ్వు ఈ తేడాలను చూసి కంగారుపడి నిలువునా పదకొండు శాతం నొక్కి, అడ్డంగా పదిహేడు శాతం లాగావు. ఒరేయ్, ఆ తేడాలే మీ తాతయ్య! వాటిని చెరిపేస్తే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి లోపలి ముఖాన్ని మాత్రమే మార్చే ఆలోచన మానుకో. జుట్టు, చెవులు, దవడతో సహా తల మొత్తాన్ని గడ్డం అంచు వరకు తీసుకో. ఫొటోషాప్‌లో ఫ్రీ ట్రాన్స్‌ఫామ్ తెరిచినప్పుడు పైన కనిపించే `W`, `H` గడుల్లో రెండింటిలోనూ `66.7%` ఉండాలి, పని ముగిసేదాకా ఆ రెండు అంకెలు వేరు కాకూడదు. 2019 వెర్షన్ నుంచి షిఫ్ట్ నొక్కకుండా లాగితేనే నిష్పత్తి నిలుస్తుంది, నొక్కితే చెడుతుంది. పాత వెర్షన్‌లో దీనికి వ్యతిరేకం. నీకు నేర్పినవాళ్ళు ఏ వెర్షన్ మీద నేర్పారో తెలియదు కాబట్టి వేళ్ళను నమ్మక అంకెలను చూడు.

పొడవుగా వచ్చిన ఆ 24 పిక్సెళ్ళనూ మెడ మీదికే దించితే మెడ పొట్టిదై తల భుజాల్లోకి దిగబడినట్టు ఉంటుంది. కళ్ళ గీతను మీ చిన్నాన్నగారి కళ్ళ గీత కంటే 14 పిక్సెళ్ళు పైకి జరిపి, గడ్డాన్ని 10 మాత్రమే కిందికి రానివ్వు. కోల ముఖం మనిషి నిలబడితే తల కాస్త ఎత్తుగానే ఉంటుంది.

ఇక పక్కల మిగిలే 16 పిక్సెళ్ళ సంగతి. అక్కడ చిన్నాన్నగారి బుగ్గ తాతయ్య దవడ వెనక రెండో దవడలా తొంగిచూస్తుంది. దాన్ని చెరిపి నేపథ్యాన్ని నింపాలి. ఒకచోటి బొమ్మను ఇంకోచోట అచ్చువేసే క్లోన్ స్టాంపుతో నేపథ్యాన్ని అల్లుకుంటూ కూర్చోవడం కంటే సులువైన దారి ఉంది. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, చిన్నాన్నగారిని పక్కకు తప్పుకోమని, ఆ ఖాళీ చోటును అదే వెలుగులో ఒక ఫొటో తీసుకో. ఆ ఫొటోను అడుగు పొరగా పెట్టుకుంటే మిగిలిన బుగ్గను తుడిచినచోట అసలైన నేపథ్యమే కనిపిస్తుంది. తరువాత మెడ మీది నీడ చూడు. వెడల్పు దవడ మెడ మీద వెడల్పు నీడ వేస్తుంది. ముఖం మారినా ఆ నీడ పాతదే మిగిలితే, చూసేవాళ్ళకు తప్పు ఎక్కడుందో తెలియదు కానీ ఏదో తేడాగా ఉందంటారు. దాన్ని పూర్తిగా తీసివేసి, తాతయ్య గడ్డం ఆకారంలోనే, కొసన ముదురుగా, పక్కలకు పలుచబడేలా కొత్త నీడ వెయ్యి.

కొలతలు తీసే ముందు రెండు తలలూ ఒకే వాలులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. తల నిటారుగా ఉన్నప్పుడు చెవి పైఅంచు సుమారుగా కనుబొమ గీతకు, తమ్మె ముక్కు అడుగుకు వస్తాయి. తల దించితే చెవులు పైకి జరిగినట్టు, గడ్డం పొట్టిదైనట్టు కనిపిస్తుంది. అప్పుడు నువ్వు కొలిచే 198 అబద్ధమవుతుంది. నీ నమూనాలో చిన్నాన్నగారు కొంచెం తల దించారనే నా అనుమానం. మళ్ళీ తీసినప్పుడు నిష్పత్తి 1.7 దాకా రావచ్చు, నీ శ్రమ ఆ మేరకు తగ్గుతుంది. చేతి దూరం నుంచి ఫోనుతో తీయకు. దగ్గరి నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, దవడ సన్నబడుతుంది. నాన్నగారిని స్టూడియోలో దూరం నుంచే తీశారు. నువ్వూ రెండున్నర, మూడు మీటర్ల దూరంలో నిలబడి జూమ్ చేసి తియ్యి.

తాతయ్యకు వయసు పెంచుదామని కూడా అనుకుంటున్నావట, అమ్మమ్మ పక్కన కొడుకులా కనిపిస్తాడని. ఆ పని చేయకు, నాయనా. వయసంటే నుదుటి మీద గీతలు కావు. పళ్ళు ఊడితే చిగుళ్ళ కింది ఎముక అరిగి, ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గి, గడ్డం ముందుకు వస్తుంది. ముక్కు కొస వాలుతుంది, చెవులు నలభై యాభై ఏళ్ళలో సెంటీమీటరు వరకు సాగుతాయి. నాన్నగారి పళ్ళు నిలిచేవో ఊడేవో ఎవరు చెప్పగలరు? నువ్వు ఊహించి తయారుచేసే ముసలాయన మనకెవరికీ ఏమీ కాడు. మా అమ్మకు ఆయన ముప్పై ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయాడు, ఆవిడ ఆయనను అలాగే చూసుకోవడం మేం చిన్నప్పటి నుంచి ఎరుగుదుం.

అయితే ముప్పై ఆరేళ్ళ తలకు అరవై ఏళ్ళ మెడ, చేతులు పట్టించలేవు. మీ పెద్దమ్మ కొడుకు ఆ వయసువాడు, ముఖం గుండ్రమే అయినా మెడ సన్నం. దవడ ఎలాగూ తాతయ్యదే వస్తుంది కాబట్టి వాడి ముఖాకృతితో మనకు పని లేదు, భుజాలు, మెడ, చేతులు సరిపోతే చాలు. కొలతలు మళ్ళీ తీసుకుని లెక్క మాత్రం ఇదే పద్ధతిలో వేసుకో. వాడు రాలేకపోతే చిన్నాన్నగారినే నిలబెట్టి, మెడ చుట్టూ కండువా వేసి, చేతులు అమ్మమ్మ కుర్చీ వెనక ఉండేలా చూడు. కండువా మెడ ముడతలనూ అతుకునూ రెంటినీ దాస్తుంది. ఎవరిని నిలబెట్టినా, ఇందుకోసమని ముందే చెప్పి ఒప్పించు. అమ్మమ్మకు కూడా ముందే చెప్పు. ఎనభై ఏళ్ళ మనిషిని వచ్చినవాళ్ళందరి ముందు ఉలిక్కిపడేలా చేయకు.

ప్రింటుకు ఇచ్చే ముందు చిత్రాన్ని అడ్డంగా తిప్పి, అంటే కుడి ఎడమలు మార్చి, ఒకసారి చూసుకో. అలవాటు పడిన కన్నుకు కనిపించని వంకర అప్పుడు బయటపడుతుంది. ఆ తరువాత ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపు, పొరలు కలపకుండా. కళ్ళ గీత నుంచి గడ్డానికి నేను మళ్ళీ కొలుస్తాను. 1.85 వస్తే పన్నెండు పద్దెనిమిది సైజులో వేయించుకో.

ఇట్లు,
మీ మామయ్య