ఐఎల్-6 ఎలైసాలో మైనస్ విలువలు

ప్రశ్న: ఐఎల్-6 ఎలైసాలో స్టాండర్డ్స్‌కు సరళరేఖ గీశాను. కొన్ని సీరం శాంపిల్స్‌కు మైనస్ విలువలు వస్తున్నాయి. ఎందుకు?

శాంపిల్స్ కన్నా గీతనే ముందు అనుమానించండి. ఎలైసా స్పందన S ఆకారంలో ఉంటుంది. సరళరేఖ ఎక్కువ గాఢత ఉన్న స్టాండర్డ్స్ వైపు వాలిపోయి, తక్కువ గాఢత దగ్గర తప్పుతుంది. నాలుగు పారామీటర్ల ఫిట్ వాడండి:

```
y = d + (a-d)/(1+(x/c)^b)
x = c*((a-d)/(y-d)-1)^(1/b)
```

a అడుగు ఓడీ, d పై ఓడీ, c మధ్య బిందువు, b వాలు. ఉదాహరణకు a=0.06, d=3.0, c=150, b=1 అనుకుందాం. శాంపిల్ ఓడీ 0.35 అయితే x సుమారు 16.4 pg/mL. సీరాన్ని రెండింతలు పలుచన చేసి ఉంటే జవాబు 32.8. ఇదే కర్వ్‌పై 0తో పాటు 7.8 నుంచి 500 వరకు రెండింతల మెట్లలో ఉన్న స్టాండర్డ్స్‌కు సరళరేఖ గీస్తే అది ఓడీ 0.41 దగ్గర మొదలవుతుంది. మన శాంపిల్ 0.35 దానికంటే కిందే ఉంది, మైనస్ అక్కడి నుంచే!

ఫిట్ అయ్యాక ప్రతి స్టాండర్డ్‌ను తిరిగి లెక్కించండి. అసలు విలువలో 80–120 శాతం రావాలి. 500 దాటిన శాంపిల్‌ను ఊహించి రాయకండి, పలుచన చేసి మళ్లీ నడపండి.

ప్లేట్‌లో బ్లాంక్, స్టాండర్డ్స్, తెలిసిన కంట్రోల్ సీరం అన్నీ జంటగా పెట్టండి. ఒక సీరంలో తెలిసినంత ఐఎల్-6 కలిపి ఎంత తిరిగి వస్తుందో చూడండి. బాగా తగ్గితే సీరమే అడ్డుపడుతోందన్నమాట. ఇంకొకటి, మన వైజాగ్ ఉక్కపోతలో ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేట్ కవర్‌ను వెంటనే చించకండి, వెల్స్‌లో చెమ్మ పడుతుంది.